వారాంతపు కేకుల సందేశాన్ని ఫ్రిజ్ అరలు చూసుకుని రాయాలి

ఇంట్లో కేకులు చేసి అమ్మేవారు వారానికోసారి వాట్సాప్‌లో పంపే సందేశాన్ని చాలామంది ప్రకటనగానే చూస్తారు. విజయవాడలో అపార్ట్‌మెంటు వంటగది నుంచి ఇదే పని చేస్తున్న నా అభిప్రాయం వేరు. అది ప్రకటన కన్నా ముందు ఆర్డరు పత్రం. మన వంటగది ఆ రెండు రోజుల్లో ఎన్ని కేకులు ఇవ్వగలదో, ఏవి ఇవ్వలేదో చెప్పే కాగితం. అందులో ఉండవలసిన ప్రతి వాక్యానికీ కారణం ఓవెన్‌లోనో, ఫ్రిజ్‌లోనో, కరుగుతున్న క్రీము ప్యాకెట్టులోనో దొరుకుతుంది. అక్కడ కారణం దొరకని వాక్యం సందేశంలో ఉన్నా లేకపోయినా ఒకటే.

దీన్ని ఒప్పుకోని వారు మా ఇంట్లోనే ఉన్నారు. చీరల వ్యాపారం చేసే మా తోటికోడలు, రంగురంగుల పోస్టరు మీద పదిహేను రకాల కేకుల పేర్లు వేసి, కింద ఫోన్ నంబరు పెట్టి, ధర కోసం మెసేజ్ చేయమని రాస్తే చాలునంటుంది. చీరలకు ఆ పద్ధతి సరిపోవచ్చు, ఎందుకంటే చీర ముందే నేయబడి బీరువాలో ఉంటుంది. కేకు అడిగిన తరువాత పుడుతుంది, ఒకటి రెండు రోజుల్లో తినకపోతే పాడవుతుంది, చేయడానికి ఒకే ఓవెన్ ఉంటుంది. పోస్టరు చూసి "అక్కా, కేకు కావాలి" అని ఒకరు రాస్తే, ఏ రకం, ఎంత బరువు, గుడ్డు ఉండవచ్చా, ఏ రోజు, ఎన్నింటికి, మీద ఏం పేరు రాయాలి అని ఆరు ప్రశ్నలు అడగాలి. ఆ ఆరింటికీ జవాబులు రావడానికి ఒక పూట పడుతుంది. ఈలోగా మరో నలుగురు అదే మాట రాస్తారు.

కాబట్టి ముందు లెక్క, ఆ తరువాతే మాటలు. నా వద్ద ఉన్నది ఇళ్ళలో సాధారణంగా కనిపించే ఓటీజీ అనే చిన్న ఓవెన్. అందులో ఆరంగుళాల టిన్నులు రెండు పక్కపక్కన పడతాయి, మూడోది పట్టదు. ఒక్కో టిన్నులో అర కిలో కేకుకు సరిపడే స్పాంజి వస్తుంది. పిండి కలిపి, టిన్నుల్లో పోసి, 170 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు కాల్చి తీస్తే, ఒక విడతకు దాదాపు గంట. శుక్రవారం సాయంత్రం నాలుగు విడతలు కాలిస్తే ఎనిమిది స్పాంజిలు తయారవుతాయి. అవి పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ పొర చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడు పొడి రాలకుండా పొరలుగా కోయవచ్చు. వేడి స్పాంజి మీద క్రీము వేస్తే అది జారిపోతుంది కనుక, పొద్దున కాల్చి మధ్యాహ్నం ఇస్తానని మాట ఇవ్వడం సాహసమే.

ఓవెన్ లెక్క అందరూ వేస్తారు, ఫ్రిజ్ లెక్కే ఎవరూ వేయరు. స్పాంజిలను ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు కానీ, క్రీము వేసి పెట్టెలో పెట్టిన కేకు మీద ఇంకేదీ పెట్టలేము. అర కిలో కేకు పెట్టె ఎనిమిదంగుళాల వెడల్పు ఉంటుంది. ఇంట్లోని రెండు తలుపుల ఫ్రిజ్‌లో కూరగాయలు, పాలు సర్ది రెండు అరలు ఖాళీ చేస్తే అరకు రెండు చొప్పున నాలుగు పెట్టెలు పడతాయి. అంటే ఎనిమిది కేకులు కాల్చగలిగినా, ఒకే సమయానికి ఎనిమిది పెట్టెలు చల్లగా ఉంచలేము. నలుగురు తీసుకువెళ్ళాకే మరో నలుగురి కేకులకు చోటు వస్తుంది. విజయవాడ ఎండాకాలంలో, బయట 40 డిగ్రీలు దాటిన రోజున, ఐదో పెట్టెను వంటగది గట్టు మీద పెట్టడమంటే దాన్ని వదులుకోవడమే. మొదట క్రీము అంచుల గీతలు మెత్తబడతాయి, తరువాత అడుగున కేకు బోర్డు మీద తడి చేరుతుంది, ఆపైన పక్కల నుంచి క్రీము ఒరిగిపోతుంది. బోర్డు మీద తడి కనిపించిందంటే, తిరిగి ఫ్రిజ్‌లో పెట్టినా ఆ కేకు మునుపటి రూపానికి రాదు.

అందుకే నా సందేశంలో తీసుకునే వేళలు రెండే ఉంటాయి: ఉదయం 11 నుంచి 12.30 వరకు, సాయంత్రం 5.30 నుంచి 7 వరకు. ఒక్కో కేకుకు క్రీము వేసి ముగించడానికి ముప్పావు గంట అనుకుంటే, పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు నాలుగు పూర్తవుతాయి. అవి ఫ్రిజ్‌లో బిగుసుకోవడానికి గంటకు పైగా దొరుకుతుంది. పన్నెండున్నర తరువాత అరలు ఖాళీ అవుతాయి, ఒంటిగంటన్నరకు రెండో నాలుగింటి పని మొదలవుతుంది. "మీకు వీలైనప్పుడు రండి" అనే మాట ఎంతో ఆప్యాయంగా వినిపిస్తుంది కానీ, ఆ ఆప్యాయత వల్ల రెండింటికి రావలసిన వారు ఆరింటికి వస్తారు, సాయంత్రం వారి కేకు గట్టు మీదకు చేరుతుంది.

రకాల విషయంలో మా తోటికోడలితో నాకు అసలు పేచీ. పదిహేను రకాలు రాయడం సులభమే. కానీ ఒక విడతలో రెండు టిన్నులు కాలుతాయి, ఆ రెండింటిలోనూ ఒకే పిండి ఉండాలి. పెరుగు, వంటసోడా కలిపి చేసే ఎగ్‌లెస్ పిండిని కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. పెరుగులోని పులుపు తగలగానే సోడా గాలి బుడగలను విడవడం మొదలుపెడుతుంది. గిన్నెలో అరగంట ఆగిన పిండి ఆ బుడగలను పోగొట్టుకుని, మధ్యలో గట్టిగా, అడుగున జిగటగా ఉన్న స్పాంజిని ఇస్తుంది. కనుక ఒకేసారి మూడు రకాల పిండి కలిపి వరుసలో పెట్టుకోవడం కుదరదు. నేను వారానికి మూడు రకాలే ప్రకటిస్తాను, అవి కూడా రెండు పిండులతో వచ్చేవి. పైనాపిల్‌కూ బటర్‌స్కాచ్‌కూ అడుగున ఉండేది ఒకే వెనిలా స్పాంజి, తేడా అంతా మధ్య పొరల్లోనూ పైపూతలోనూ ఉంటుంది. మూడోది చాక్లెట్ ట్రఫుల్. కొనేవారికి మూడు రకాలు కనిపిస్తాయి, వంటగదిలో మాత్రం రెండే గిన్నెలు ఉంటాయి.

గుడ్డు సంగతి మన ప్రాంతంలో విడిగా ఆలోచించవలసినది. వేంకటేశ్వరస్వామిని కొలిచే ఎన్నో ఇళ్ళలో శనివారం మాంసం, గుడ్డు ముట్టరు. కార్తీకమాసంలో ఆ పట్టింపు నెలంతా ఉండే ఇళ్ళూ తక్కువేమీ కావు. పిల్లవాడి పుట్టినరోజు శనివారం పడితే, ఇంటికి వచ్చే పెద్దలు మొదట అడిగే ప్రశ్న అందులో గుడ్డు ఉందా అనే. కొందరు బేకర్లు ప్రతి రకాన్నీ రెండు విధాలుగా ఇస్తామని, ఎగ్‌లెస్‌కు యాభై రూపాయలు ఎక్కువని రాస్తారు. అలా రాయడం వల్ల రెండు పిండులు నాలుగవుతాయి, అదే బీటరును, అదే గిన్నెను ఒకే సాయంత్రం రెండింటికీ వాడుతున్నారా అన్న న్యాయమైన అనుమానం కూడా వస్తుంది. నేను శనివారం కేకులన్నీ ఎగ్‌లెస్‌గానే చేస్తాను, ఆదివారం కేకులన్నీ గుడ్డుతో చేస్తాను. శుక్రవారం సాయంత్రం వంటగదిలోకి గుడ్డు రాదు. ఆదివారం పుట్టినరోజుకు ఎగ్‌లెస్ కావాలన్నవారు శనివారం సాయంత్రం తీసుకువెళ్ళి తమ ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. దీనివల్ల కొందరు కొనుగోలుదారులు తప్పిపోతారని తెలుసు. అయినా సందేశంలో ఒక్క వాక్యంతో తేలిపోయే సంగతికి ఇరవైమందితో విడివిడిగా మాట్లాడవలసిన అవసరం తప్పింది.

ఇక గడువు. గురువారం రాత్రి ఎనిమిదికి ఆర్డర్లు ఆపేస్తానని రాస్తే, శుక్రవారం సాయంత్రం కాల్చే కేకుకు అంత ముందే ఎందుకని అడుగుతారు. దానికి కారణం క్రీము. ఇళ్ళలో కేకులు చేసేవారిలో ఎక్కువమంది వాడే నాన్ డెయిరీ విప్పింగ్ క్రీము గడ్డకట్టిన లీటరు ప్యాకెట్లలో వస్తుంది. దాన్ని ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి దించి రాత్రంతా నిదానంగా కరగనివ్వాలి. నీళ్ళలో ముంచి తొందరపెడితే అంచులు వెచ్చబడి మధ్యలో గడ్డ మిగిలిపోతుంది, గిలకొట్టినప్పుడు నిలబడదు. ఒకసారి కరిగిన ప్యాకెట్టును మళ్ళీ గడ్డకట్టిస్తే అది విరిగినట్టు తయారవుతుంది. నా చేతి లెక్కలో అర కిలో వెనిలా కేకుకు దాదాపు 200 మిల్లీలీటర్ల ద్రవ క్రీము పడుతుంది, అంటే ఒక ప్యాకెట్టు ఐదు కేకులకు వస్తుంది. ఆరో కేకుకు రెండో ప్యాకెట్టు తెరవాలి. ఎన్ని ప్యాకెట్లు దించాలో తెలియాలంటే శుక్రవారం పొద్దున నేను దుకాణానికి వెళ్ళేసరికి ఆర్డర్ల సంఖ్య ఖాయమై ఉండాలి.

ఈ లెక్కంతా అయ్యాక నేను బుధవారం సాయంత్రం పంపే సందేశం ఇలా ఉంటుంది.

"నమస్కారమండీ. ఈ శని, ఆదివారాల కేకులకు ఆర్డర్లు తీసుకుంటున్నాను.

ఈ వారం రకాలు పైనాపిల్, బటర్‌స్కాచ్, చాక్లెట్ ట్రఫుల్. బటర్‌స్కాచ్‌లో జీడిపప్పు ఉంటుంది.

అర కిలో 500 రూపాయలు, కిలో 950 రూపాయలు. ట్రఫుల్‌కు అర కిలోకు 100 అదనం.

శనివారం కేకులన్నీ ఎగ్‌లెస్. ఆదివారం కేకులన్నీ గుడ్డుతో చేసినవి.

మా ఇంటి దగ్గర తీసుకునే వేళలు: ఉదయం 11 నుంచి 12.30, సాయంత్రం 5.30 నుంచి 7.

రోజుకు ఎనిమిది అర కిలోల వరకే చేయగలను. ఆర్డర్లు గురువారం రాత్రి 8 గంటల వరకు, లేదా ఆ లెక్క నిండే వరకు.

ఆర్డరు ఇలా రాయండి: శని సాయంత్రం, బటర్‌స్కాచ్, అర కిలో, కేకు మీద సాయి చరణ్.

నేను సరేనని రాశాక సగం డబ్బు అడ్వాన్సుగా పంపండి. అది అందాక ఆర్డరు ఖాయం.

ఈ సందేశాలు వద్దనుకుంటే 'వద్దు' అని రాయండి, పంపడం మానేస్తాను."

దీని కింద నా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు సంఖ్య ఉంటుంది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద ఇంటి వంటగది నుంచి అమ్మేవారికి కూడా నమోదు తప్పనిసరి, ఆ సంఖ్యకు పద్నాలుగు అంకెలు ఉంటాయి. అడిగేవారు తక్కువే కానీ, అడిగినప్పుడు వెతుక్కునే కన్నా ముందే రాసి ఉంచడం తేలిక.

ఈ సందేశం చప్పగా ఉందని మా తోటికోడలు అంది. మొదటి మాట "నమస్కారమండీ" తప్ప అందులో స్నేహం ఎక్కడుందని ఆమె ప్రశ్న. త్వరపడండి, రెండే మిగిలాయి, ఈ అవకాశం మళ్ళీ రాదు వంటి మాటలను, వాటి వెంట వచ్చే మెరుపు బొమ్మలను స్నేహంగా లెక్కపెట్టడం నాకు చేతకాదు. ఈ సందేశం అందుకునేవాళ్ళు మనకు ముఖపరిచయం ఉన్నవాళ్ళే, కింది అంతస్తు పిన్నిగారు, పిల్లల బడిలో కలిసే తల్లులు. వాళ్ళతో ఎదురుగా అలా మాట్లాడం. ధర దాచకుండా చెప్పడం, జీడిపప్పు పడనివారికి ముందే చెప్పడం, వద్దంటే మానేస్తానని చెప్పడం స్నేహం కిందికే వస్తాయి. ధర కోసం విడిగా అడగమన్నప్పుడు, అడిగి కొనకుండా ఉండిపోవడానికి మొహమాటపడేవారు అసలు అడగనే అడగరు.

పోస్టరు వాదనలో నిజం లేకపోలేదు. కేకును కళ్ళతోనే మొదట కొంటారు, అక్షరాలు చదివి నోరూరినవారిని నేను చూడలేదు. అందుచేత ఫోటోలను స్టేటస్‌లోనూ, వాట్సాప్ బిజినెస్‌లోని క్యాటలాగులోనూ పెడతాను. ఆర్డరు వివరాలను మాత్రం బొమ్మలో వేయను. బొమ్మలోని అక్షరాలు వాట్సాప్‌లో వెతికితే దొరకవు, వేలు నొక్కి పట్టుకుని నమూనా వాక్యాన్ని నకలు తీయడమూ అన్ని ఫోన్లలో కుదరదు. ఫోటోలు వాటంతటవే దిగకుండా ఆపుకున్నవారి ఫోన్‌లో అవి మసకగానే ఉండిపోతాయి. నమూనా వాక్యమే ఈ సందేశానికి ఆయువుపట్టు. అది ఉంటే ఎక్కువమంది దాన్ని నకలు తీసి రోజు, రకం, పేరు మార్చి పంపుతారు. పేరు కూడా వారు టైపు చేసినదే కేకు మీదకు వెళ్తుంది. లక్ష్మి అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాసుకుంటారు కాబట్టి, ఫోన్‌లో విని రాయడం కొవ్వొత్తి వెలిగించే వేళకు తగాదా తెస్తుంది.

సందేశం చేరడంలో ఒక చిక్కు ఉంది, అది తెలియనివారు కొనేవారి ఉలుకూ పలుకూ లేదని బాధపడుతుంటారు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు పెట్టుకోవచ్చు కానీ, మన నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. మనం వారి నంబరు దాచుకోవడం సరిపోదు. చేరిందో లేదో పట్టుకోవడానికి, పంపిన సందేశం వివరాల్లో ఎవరెవరికి అందిందో చూడవచ్చు, వారాల తరబడి అందని పేరు కనిపిస్తే వారు నంబరు దాచుకోలేదని అనుమానించవచ్చు. నేను కేకు ఇచ్చేటప్పుడు పెట్టె మీద అంటించే చీటీలో, వచ్చే వారం కబురు కావాలంటే ఈ నంబరు దాచుకోండి అని రాస్తాను. ఈ తలనొప్పంతా ఎందుకు, గ్రూపు పెడితే పోలేదా అని చాలామంది అంటారు. గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది, భర్త పుట్టినరోజుకు రహస్యంగా కేకు చెప్పాలనుకున్న ఆవిడ అదే గ్రూపులో ఉన్న ఆడపడుచు ముందు ఆర్డరు రాయలేదు. బ్రాడ్‌కాస్ట్‌కు వచ్చే జవాబు నా ఒక్కదానికే వస్తుంది.

ఒక వారం ఎలా గడుస్తుందో చెబితే ఈ వాక్యాల పని తెలుస్తుంది. గురువారం సాయంత్రం ఏడున్నరకు శనివారం జాబితా ఇలా ఉందనుకుందాం: పైనాపిల్ కిలో ఒకటి, పైనాపిల్ అర కిలో ఒకటి, బటర్‌స్కాచ్ అర కిలోలు రెండు, ట్రఫుల్ అర కిలోలు రెండు. కిలో కేకును రెండు స్పాంజిలు పేర్చి చేస్తాను కనుక దానికి రెండు టిన్నులు పోతాయి, పెట్టె ఎత్తు పెరిగి పై అర మీదకు వెళ్తుంది కాబట్టి ఫ్రిజ్‌లోనూ దాన్ని రెండుగానే లెక్కపెడతాను. వెనిలా టిన్నులు ఐదు, చాక్లెట్ టిన్నులు రెండు. అంటే వెనిలాకు మూడు విడతలు, చాక్లెట్‌కు ఒకటి, మిగిలింది ఒకే ఒక్క టిన్ను, అదీ వెనిలా విడతలోనే. అప్పుడు ఒక ఉపాధ్యాయురాలు శనివారం ఉదయానికి ట్రఫుల్ అర కిలో కావాలని రాశారు. సంఖ్య ప్రకారం చోటు ఉంది, పిండి ప్రకారం లేదు. ఆమెకు నేను, "ట్రఫుల్ నిండిపోయిందండీ. శనివారం ఉదయానికి పైనాపిల్ గానీ బటర్‌స్కాచ్ గానీ ఒక్కటి ఇవ్వగలను. ట్రఫులే కావాలంటే ఆదివారం ఉంది, అది గుడ్డుతో చేసినది" అని రాస్తాను. ఆమె పైనాపిల్ అంటే శనివారం లెక్క ముగుస్తుంది. వెనిలా కేకులకు ఆరు రెండు వందలు, అంటే లీటరుంపావు లోపు క్రీము, రెండు ప్యాకెట్లు దించాలి. మిగిలిన క్రీములో కొంత ట్రఫుల్ మీద వేసే గనాష్ అనే చాక్లెట్ పూతకు పోతుంది.

అడ్వాన్సు దగ్గర ఒక్క నియమం పాటిస్తాను. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ వస్తే దాన్ని చూసి ఆర్డరు ఖాయం చేయను, నా బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే చేస్తాను. బొమ్మను ఎలాగైనా మార్చవచ్చు, కొన్నిసార్లు లావాదేవీ మధ్యలో ఆగి నిజాయతీపరులకూ తెలియకపోవచ్చు. పరిచయస్తులను అలా అనుమానించడం బాగుండదని కొందరంటారు. అందుకే ఆ సంగతిని అందరికీ వెళ్ళే సందేశంలోనే, "అది అందాక ఆర్డరు ఖాయం" అని రాస్తాను. అందరికీ ఒకే నియమమైనప్పుడు ఎవరికీ అది తమ మీద అనుమానంగా తోచదు.

జాబితా నిండాక, ఆర్డర్లు ముగిశాయని మళ్ళీ అందరికీ ఇంకో సందేశం పంపాలా అన్నది నేను తరచూ వినే ప్రశ్న. వద్దంటాను. కేకు అక్కర్లేనివారికి ఆ సందేశంతో పనిలేదు, వారానికి రెండుసార్లు మోగే నంబరును జనం మొదట మ్యూట్ చేస్తారు, తరువాత బ్లాక్ చేస్తారు. ఎక్కువమంది అలా బ్లాక్ చేసి ఫిర్యాదు చేసిన ఖాతాను వాట్సాప్ ఆపేసే వీలూ ఉంది. నిండిన సంగతి స్టేటస్‌లో ఒక్క వాక్యంగా పెడతాను. ఆలస్యంగా అడిగినవారికి మాత్రం విడిగా, పేరు పెట్టి, ఈ వారం కుదరలేదనీ, వచ్చే బుధవారం సందేశం రాగానే రాస్తే ముందు చోటు ఇస్తాననీ చెబుతాను. ఆ పేరును వాట్సాప్ బిజినెస్‌లో ఒక లేబుల్ కింద పెట్టుకుంటాను, మరుసటి బుధవారం జాబితాకు పంపే ముందు మొదట వారికే కబురు వెళ్తుంది.